ఏడు లేట్లలో నిలిచినవి నాలుగే

మధ్యాహ్నం పన్నెండింటికి తలుపులు తెరిచే రెస్టారెంటులో పని పదకొండున్నరకే మొదలవుతుంది. కెప్టెన్ సర్వర్లందరినీ వరసగా నిలబెట్టి బ్రీఫింగ్ ఇస్తాడు. ఈరోజు రొయ్యలు రాలేదు, గోంగూర మటన్ పదిహేను ప్లేట్లకే ఉంది, ఏడో టేబుల్ ఒంటిగంటకు బుక్ అయింది, పుట్టినరోజు పార్టీ, కేకు వాళ్లే తెచ్చుకుంటారు అంటూ చెప్పుకుపోతాడు. ఆ తర్వాత ఎవరి స్టేషన్ వాళ్లు సర్దుకోవాలి. గ్లాసులు తుడవాలి, న్యాప్‌కిన్లు మడవాలి, ఉప్పు మిరియాల డబ్బాలు నింపాలి, ఊగే టేబుల్ కాలి కింద అట్ట ముక్క పెట్టాలి. వీటన్నిటికీ ఉన్న సమయం అరగంట. ఆఫీసులో గుమాస్తా అరగంట ఆలస్యంగా వస్తే సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చుని సర్దుకోవచ్చు. సర్వర్‌కు ఆ వీలు లేదు. అతను రాని అరగంటలో అతని అయిదు టేబుళ్లను పక్క స్టేషన్ వాడు సర్దాలి. ఆ రోజు రొయ్యలు లేవన్న సంగతి తెలియక ఆర్డర్ తీసుకున్నాడంటే, వంటగదిలో పడే తిట్లు వేరే.

అందుకే హోటల్ పనిలో లేటుగా రావడాన్ని మేనేజర్లు సులువుగా వదలరు. ఒకటికి నాలుగుసార్లు అరుస్తారు. ఆ కోపం తారస్థాయికి చేరిన రోజు కంప్యూటర్ ముందు కూర్చుని మెమో కొడతారు. అలా కోపంలో రాసిన మెమోలు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి: ‘నువ్వు ఎప్పుడూ లేటుగానే వస్తున్నావు. ఎన్నిసార్లు చెప్పినా లెక్క లేదు. నీకు బాధ్యత లేదు. ఇదే ఆఖరి హెచ్చరిక.’ ఈ నాలుగు వాక్యాల్లో ఒక్క తేదీ లేదు, ఒక్క నిమిషం లెక్క లేదు. ‘ఎప్పుడూ’ అన్న మాటను కాదనడానికి సర్వర్ సమయానికి వచ్చిన ఒక్క రోజును చూపిస్తే చాలు. ‘ఎన్నిసార్లు చెప్పినా’ అన్నదానికి, ఎప్పుడు చెప్పారు సార్ అని అడిగితే చాలు. కాగితం మీద సంతకం పడుతుంది గానీ, రేపు లేబర్ ఆఫీసులో దాన్ని బల్ల మీద పెట్టాల్సి వస్తే మేనేజర్ చేతిలో ఉన్నది తన కోపం తాలూకు రసీదు మాత్రమే.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఓ మధ్యతరహా రెస్టారెంటును ఊహించుకుందాం. ముప్పై మంది సిబ్బంది, బ్రేక్ షిఫ్టు. అంటే ఉదయం పదకొండున్నర నుంచి మూడున్నర దాకా, మళ్లీ రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా. అక్కడ మూడేళ్లుగా పనిచేస్తున్న సర్వర్ పేరు శ్రీను అనుకుందాం. మంగళవారం అతని వీక్లీ ఆఫ్. మనిషి కల్పితం. అతని లేట్ల వంటివి మాత్రం ఏ హోటల్ హాజరు పుస్తకం తిరగేసినా దొరుకుతాయి.

ఫిబ్రవరి 23, సోమవారం. శ్రీను పన్నెండూ పదికి వచ్చాడు. అప్పటికే రెండు టేబుళ్లు నిండాయి, కెప్టెనే వెళ్లి ఆర్డర్ తీసుకున్నాడు. మేనేజర్ ఆ సాయంత్రం హాజరు పుస్తకం తెప్పించుకుని నెల మొత్తం మీద లేట్లు ఏరాడు. ఏడు తేలాయి: 4, 7, 9, 12, 16, 19, 23 తేదీలు. ఇరవై నాలుగు పనిదినాల్లో ఏడు. చూడగానే ఇక రాసిపారేయొచ్చు అనిపించే అంకె అది. అయితే ఈ ఏడింటినీ ఒక్కొక్కటిగా తిరిగి పరీక్షించడంలోనే మెమో నిలుస్తుందా పడిపోతుందా అన్నది తేలుతుంది.

ఏడో తేదీ శనివారం. బయోమెట్రిక్‌లో పడిన సమయం 11:36. ఆరు నిమిషాల ఆలస్యం. కానీ లాకర్ గది గోడ మీద రెస్టారెంటు వాళ్లే అంటించిన కాగితం ప్రకారం పది నిమిషాల దాకా లేటు కింద లెక్కపెట్టరు. తాను పెట్టిన నియమాన్ని తానే మరిచిపోయి ఆ రోజును లెక్కలో వేస్తే, మిగతా తేదీల మీద కూడా అనుమానం మొదలవుతుంది. కొట్టేయాలి.

పన్నెండో తేదీ గురువారం. బయోమెట్రిక్ యంత్రం పనిచేయలేదు. ఆ రోజు కెప్టెన్ రిజిస్టర్‌లో శ్రీను పేరు పక్కన పెన్నుతో ‘లేట్’ అని మాత్రమే రాశాడు. ఎంత లేటో రాయలేదు. ఇప్పుడు అడిగితే ‘ఇరవై నిమిషాలు అయ్యుంటుంది సార్’ అంటాడు. పదకొండు రోజుల తర్వాత గుర్తుతెచ్చుకుని చెప్పే ఇరవై నిమిషాలు గాలిలో మాటే. ఆ రోజు శ్రీను నిజంగానే ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. అయినా చూపించడానికి ఏమీ లేదు కాబట్టి ఆ తేదీనీ కొట్టేయాలి.

పంతొమ్మిదో తేదీన అతను వచ్చింది పన్నెండున్నరకు. ఏడింటిలోనూ ఇదే పెద్దది, మేనేజర్ వేలు మొదట దీని మీదే పడింది. కానీ కెప్టెన్ ఫోన్ తెరిచి చూస్తే, ముందు రోజు రాత్రి శ్రీను పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంది: ‘అన్నా, రేపు బ్యాంకులో పనుంది, గంట లేటవుతది.’ దాని కింద కెప్టెన్ పెట్టిన బొటనవేలు గుర్తు. కెప్టెన్ ఆ సంగతి మేనేజర్‌కు చెప్పడం మరిచిపోయాడు. అనుమతి ఇచ్చాక వచ్చిన ఆలస్యం తప్పు కాదు. కెప్టెన్‌కు అలాంటి అనుమతి ఇచ్చే అధికారం ఉందా లేదా అన్నది కెప్టెన్‌తో తేల్చుకోవాల్సిన విషయం, దానికి సర్వర్‌ను బాధ్యుణ్ణి చేయకూడదు.

మిగిలినవి నాలుగు. నాలుగున 11:52, తొమ్మిదిన 12:05, పదహారున 11:58, ఇరవై మూడున 12:10. ఆలస్యం వరసగా ఇరవై రెండు, ముప్పై అయిదు, ఇరవై ఎనిమిది, నలభై నిమిషాలు. మొత్తం నూట ఇరవై అయిదు. ఈ నాలుగింటికీ యంత్రంలో పడిన సమయం ఉంది, ఆ వారాల డ్యూటీ రోస్టర్ ఉంది. ఇంకొక్క చిన్న పని మిగిలింది. బయోమెట్రిక్ గడియారాన్ని ఫోన్ సమయంతో పోల్చి చూడాలి. ఇలాంటి యంత్రాలు అయిదారు నిమిషాలు ముందో వెనకో నడవడం మామూలే. ఇక్కడ అది నాలుగు నిమిషాలు ముందు నడుస్తోందనుకుందాం. అప్పుడు ప్రతి తేదీ నుంచీ నాలుగు నిమిషాలు తీసేసినా నాలుగూ పది నిమిషాల గీత దాటే ఉంటాయి. ఆ తేడా సంగతిని మెమోలో ఒక వాక్యంగా రాసేస్తే, సర్వర్ ఆ పాయింట్ లేవనెత్తే అవసరమే ఉండదు.

కొన్నిచోట్ల మరో చిక్కు ఉంటుంది. పంచ్ ఎప్పుడు కొట్టాలి? గేటు దగ్గర అడుగు పెట్టగానేనా, యూనిఫాం వేసుకుని ఫ్లోర్ మీదికి వచ్చాకా? రెండింటికీ మధ్య పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. ఇది ముందే రాసిపెట్టకపోతే ఒక సర్వర్ గేటు దగ్గర, ఇంకో సర్వర్ షర్టు గుండీలు పెట్టుకున్నాక పంచ్ కొడుతుంటారు. ఇద్దరూ ఒకే సమయానికి వచ్చినా ఒకరికి లేటు పడుతుంది.

ఏడు నాలుగైందంటే మెమో బలం తగ్గినట్టు మేనేజర్‌కు అనిపిస్తుంది. లేబర్ కేసులు చూసిన వాళ్లను అడిగితే బలం పెరిగిందంటారు. ఏడింటిలో మూడు తప్పని తేలితే మిగతా నాలుగు కూడా అబద్ధాల్లాగే కనిపిస్తాయి. నాలుగే రాసి, నాలుగూ నిలిస్తే శ్రీనుకు కాదనడానికి ఏమీ మిగలదు.

ఇంకో లాభం కూడా ఉంది. నాలుగు తేదీలను క్యాలెండర్ మీద పెట్టి చూడండి. నాలుగో తేదీ బుధవారం, వీక్లీ ఆఫ్ మర్నాడు. మిగతా మూడూ సోమవారాలు. మేనేజర్ రోస్టర్ పక్కన పెట్టుకుని చూస్తే కారణం బయటపడింది. నెలంతా ఆదివారం రాత్రి క్లోజింగ్ డ్యూటీ శ్రీనుదే. ఆదివారం రాత్రి ఆఖరి టేబుల్ లేచేసరికి పన్నెండు. లెక్కలు, ఊడ్పు, టేబుళ్ల సర్దుడు అయ్యేసరికి ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. అతని గది ఉప్పల్ దాటాక ఉంది. ఆ సమయంలో బస్సు ఉండదు. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి రెండు దాటుతుంది. ఆలస్యానికి ఇది పూర్తి సాకు కాదు, పదకొండున్నరకు ఇంకా తొమ్మిది గంటలు ఉన్నాయి. కానీ మూడు సోమవారాలు వరసగా జారిపోవడానికి కారణం మాత్రం ఇదే. కోపంలో రాసిన మెమో ‘బాధ్యత లేదు’ దగ్గరే ఆగిపోయేది, ఈ విషయం ఎవరికీ కనిపించేది కాదు.

సరే, ఇప్పుడు రాయొచ్చా? ఇంకా లేదు. ముందు అడగాలి. హెచ్చరిక కూడా శిక్షే కాబట్టి, శిక్ష వేసే ముందు అవతలి మనిషి మాట వినాలన్నది న్యాయస్థానాలు పదే పదే పట్టుకునే సూత్రం. దీనికి పెద్ద విచారణ అక్కర్లేదు. ఇరవై అయిదో తేదీన శ్రీనుకు ఒక పేజీ షోకాజ్ నోటీసు ఇచ్చి, నాలుగు తేదీలూ సమయాలూ రాసి, మూడు రోజుల్లో వివరణ ఇమ్మంటే చాలు. ఇరవై ఏడున అతను తన చేతిరాతతో అర పేజీ ఇచ్చాడు. నాలుగో తేదీన ఊరి నుంచి వస్తుంటే బస్సు లేటయింది, మూడు సోమవారాలూ క్లోజింగ్ వల్ల నిద్ర చాలలేదు, ఫోన్ చేయకపోవడం తన పొరపాటే. ఇరవై ఎనిమిదిన పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు.

‘క్లోజింగ్ కష్టంగా ఉంటే అప్పుడే చెప్పొచ్చుగా శ్రీనూ?’ అన్నాడు మేనేజర్.

‘చెప్తే ఆదివారం టిప్పులు పోతయని చెప్పలే సార్.’

ఆదివారం రాత్రి టిప్పులే వారం మొత్తం టిప్పుల్లో పెద్దవి. మేనేజర్‌కు తెలియని సంగతి కాదు. దాని మీద చర్చించి ఆదివారం క్లోజింగ్ వారం విడిచి వారం చేయడానికి ఒప్పుకున్నారు. మార్చి 2న మెమో చేతికిచ్చారు. అది ఇలా ఉంది:

‘శ్రీను గారికి,

విషయం: పనివేళకు ఆలస్యంగా రావడంపై మొదటి లిఖితపూర్వక హెచ్చరిక.

మీ ఉదయం షిఫ్టు 11:30కు మొదలవుతుంది. పది నిమిషాల వెసులుబాటు ఉంది. ఫిబ్రవరి నెలలో ఈ కింది నాలుగు రోజులు మీరు ఆ వెసులుబాటు దాటాక వచ్చారు: 4వ తేదీ (బుధవారం) 11:52, 9వ తేదీ (సోమవారం) 12:05, 16వ తేదీ (సోమవారం) 11:58, 23వ తేదీ (సోమవారం) 12:10. ఈ సమయాలు బయోమెట్రిక్ రికార్డులోవి. యంత్రం నాలుగు నిమిషాలు ముందు నడుస్తున్నట్టు మేము గమనించాం. ఆ తేడా తీసేసినా నాలుగు రోజులూ ఆలస్యమే. 23వ తేదీన మీ స్టేషన్‌లో రెండు టేబుళ్ల ఆర్డర్లు కెప్టెన్ తీసుకోవాల్సి వచ్చింది. నాలుగు రోజుల్లో ఏ ఒక్కరోజూ ముందుగా ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 11న కెప్టెన్ మీతో ఈ విషయం మాట్లాడారు. అది రిజిస్టర్‌లో నమోదైంది. ఆ తర్వాత రెండుసార్లు ఆలస్యం జరిగింది.

ఫిబ్రవరి 27న మీరిచ్చిన వివరణ చదివాం, 28న మీతో మాట్లాడాం. మూడు సోమవారాలకూ ముందు రాత్రి మీది క్లోజింగ్ డ్యూటీ అన్నది నిజం. అందుకని ఈ వారం నుంచి ఆదివారం క్లోజింగ్ మీకు వారం విడిచి వారం మాత్రమే వేస్తాం. గత మూడేళ్లలో మీ మీద ఇలాంటి ఫిర్యాదు లేదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకున్నాం. అయినా చెప్పకుండా ఆలస్యంగా రావడం సరికాదు కాబట్టి ఈ హెచ్చరిక ఇస్తున్నాం.

ఇకమీదట 11:30కు యూనిఫాంలో బ్రీఫింగ్‌కు హాజరు కావాలి. తప్పనిసరిగా ఆలస్యమయ్యే రోజు పదకొండు లోపు కెప్టెన్‌కు ఫోన్ చేయాలి. ఏప్రిల్ 27న మీ హాజరు కలిసి చూద్దాం. ఈ హెచ్చరిక సెప్టెంబరు 1 వరకు అమల్లో ఉంటుంది. ఆ లోపు మళ్లీ ఇలాగే జరిగితే, మీ వివరణ తీసుకున్నాక తదుపరి చర్య ఉండవచ్చు. ఇందులో ఏదైనా తప్పని మీరు భావిస్తే ఏడు రోజుల్లో యజమానికి రాయవచ్చు.’

కింద మేనేజర్ సంతకం, తేదీ. దాని కింద ‘ఈ ఉత్తరం నాకు అందింది’ అని శ్రీను సంతకం చేయడానికి చోటు.

ఈ ఉత్తరంలో లేనివాటిని కూడా చూడాలి. బాధ్యతారాహిత్యం, నిర్లక్ష్యం, క్రమశిక్షణ లేకపోవడం అన్న మాటలు ఎక్కడా లేవు. వాటిని నిరూపించడం కష్టం, నాలుగు సమయాలు చూపించడం తేలిక. వాటివల్ల కస్టమర్లు పోయారనీ లేదు, ఎవరైనా లేచిపోయినట్టు బిల్లింగ్‌లో కనిపించలేదు కాబట్టి. జరిగిన నష్టం రెండు టేబుళ్లు కెప్టెన్ చూసుకోవడమే, అంతే రాశారు. ‘ఇదే ఆఖరి హెచ్చరిక’ అన్న బెదిరింపు కూడా లేదు. మొదటి హెచ్చరికనే ఆఖరిది అని రాసేస్తే, రెండోసారి తప్పు జరిగినప్పుడు ఉద్యోగం నుంచి తీసేయడం తప్ప యజమానికి దారి ఉండదు. తీసేయకపోతే ఆ ఉత్తరానికి విలువ లేదని మిగతా సిబ్బందికి తెలిసిపోతుంది.

సంతకం గీత దగ్గర చాలా హోటళ్లలో గొడవ మొదలవుతుంది. ‘పై విషయాలన్నీ నిజమని ఒప్పుకుంటున్నాను’ అని టైపు చేసి సంతకం పెట్టమంటారు. సర్వర్ పెట్టనంటాడు, మేనేజర్ దాన్నో ధిక్కారంగా చూస్తాడు. మెమోకు కావలసింది అది చేరిందన్న రుజువే, ఒప్పుకోలు కాదు. అందింది అని రాస్తే చాలామంది సంతకం చేస్తారు. అప్పటికీ చేయకపోతే అక్కడే ఉన్న మరొకరి సమక్షంలో ఇచ్చామని రాసి, సాక్షి సంతకం తీసుకుని, స్పీడ్ పోస్టులో ఒక కాపీ ఇంటికి పంపితే సరిపోతుంది.

భాష సంగతి కూడా ఇక్కడే. హైదరాబాద్ రెస్టారెంట్లలో సర్వర్లుగా శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ కుర్రాళ్ల పక్కనే ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాం కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లకు ఆంగ్లంలో మెమో ఇచ్చి సంతకం తీసుకుంటే, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నట్టే. హిందీలోనో ఒడియాలోనో ఒక పేజీ రాయించి ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం ఇందులో ఎక్కడ వస్తుంది? 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో, దుష్ప్రవర్తన జాబితాలో ‘అలవాటుగా ఆలస్యంగా రావడం’ ఒక అంశంగా ఉంది. ఎన్నిసార్లు వస్తే అలవాటు అవుతుందో మాత్రం అది చెప్పదు. ఒకసారి లేటుగా వచ్చిన మనిషి ఆ జాబితాలో పడడు. పదేపదే వచ్చాడని చూపించాలంటే తేదీలు కావాలి. అలాగే శిక్ష నిర్ణయించేటప్పుడు తప్పు తీవ్రతనూ, మనిషి గత చరిత్రనూ, తప్పును తగ్గించే లేదా పెంచే పరిస్థితులనూ చూడాలని ఆ నమూనా నియమాలే చెబుతాయి. శ్రీను మెమోలో మూడేళ్ల రికార్డు, ఆదివారం క్లోజింగ్ రెండూ ఉండటానికి కారణం ఇదే. వంద మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు ఉద్దేశించిన నియమాలు అవి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ గీత మూడు వందల మంది దగ్గరికి జరిగింది. ముప్పై మంది ఉన్న హోటల్‌కు రెండూ నేరుగా వర్తించవు. తెలంగాణలో చిన్న రెస్టారెంట్లకు దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తుంది. ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తొలగించకూడదని అది అంటుంది. సరైన కారణం ఉందో లేదో తేలేది ఇలాంటి కాగితాల దగ్గరే.

ఇక మన హోటళ్లలో బాగా నడిచే పద్ధతి ఒకటుంది. ‘మూడు లేట్లు పడితే సగం రోజు జీతం కట్.’ మెమో రాయడం ఎందుకు, జీతంలో కోసేద్దాం అనుకునే యజమానులు ఎక్కువ. వేతనాల చట్టం దీనికి అడ్డు పడుతుంది. పనిలో లేని సమయానికే, ఆ సమయానికి తగినంతే కోయాలి. శ్రీను నెల జీతం పద్దెనిమిది వేలు, ఫిబ్రవరిలో ఇరవై నాలుగు పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే గంటకు తొంభై నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. నూట ఇరవై అయిదు నిమిషాలకు నూట తొంభై అయిదు రూపాయలు. సగం రోజు కోస్తే అది మూడు వందల డెబ్బై అయిదు. అంటే చేయని పనికి మించి దాదాపు రెట్టింపు. అదనంగా ఉన్న నూట ఎనభై రూపాయలు జరిమానా కిందికి వస్తాయి. జరిమానాకు వేరే షరతులున్నాయి. ఏ తప్పులకు వేస్తారో ముందే ప్రకటించాలి, వేసే ముందు వివరణ అడగాలి, అది ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు, తొంభై రోజుల తర్వాత వసూలు చేయకూడదు. 1936 నాటి చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ షరతులు ఉన్నాయి. వసూలైన జరిమానా యజమాని జేబులోకి కూడా పోదు, కార్మికుల మేలుకే ఖర్చు చేయాలి.

బ్రిటన్‌లో ఏకాస్ అనే సంస్థ ప్రచురించిన నియమావళి ఉంది. అక్కడి పద్ధతిలో మొదటి హెచ్చరికలో తప్పు ఏమిటో, ఏం మారాలో, ఎంత గడువులో మారాలో, ఆ హెచ్చరిక ఎన్నాళ్లు అమల్లో ఉంటుందో తప్పక చెప్పాలి. ఆఖరిది మన మెమోల్లో దాదాపు ఎప్పుడూ కనిపించదు. గడువు లేని మెమో ఫైలులో పడి ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత ఇంకేదో గొడవలో బయటికి తీస్తారు. సర్వర్‌కు ఆ సంగతే గుర్తుండదు. శ్రీను మెమోలో సెప్టెంబరు 1 అన్న తేదీ రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆర్నెల్లు సరిగ్గా వస్తే ఈ చీటీ తన మీద కత్తిలా వేలాడదని అతనికి తెలుస్తుంది.

ఎంత జాగ్రత్తగా రాసినా ఒక ఉత్తరం చెడిపోయే దారి ఒకటుంది. అదే నెలలో ఇంకో సర్వర్ అయిదుసార్లు లేటుగా వచ్చి, అతను యజమాని బావమరిది కాబట్టి ఎవరూ ఏమీ అనకపోతే, శ్రీను మెమోలోని నాలుగు తేదీలు నిజమైనా అన్యాయమే అవుతుంది. అందుకే అనుభవం ఉన్న మేనేజర్లు ఒకరి మీద మెమో రాసే ముందు ఆ నెల అందరి పంచ్ రికార్డూ తిరగేస్తారు. గీత దాటిన వాళ్లు ముగ్గురు ఉంటే ముగ్గురికీ నోటీసు వెళ్తుంది, లేకపోతే ఎవరికీ వెళ్లదు. మరో దారి, ఒకరి బదులు ఇంకొకరు హాజరు వేసే అలవాటు. చేతి సంతకాల రిజిస్టర్ ఉన్న చోట స్నేహితుడే సంతకం పెట్టేస్తాడు. అప్పుడు సమయం కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, మనిషి మాత్రం ఫ్లోర్ మీద ఉండడు. అలాంటి చోట ముందు రిజిస్టర్ పద్ధతి మార్చాలి. ఆ తర్వాతే మెమో.

ఏప్రిల్ 27 వచ్చింది. హాజరు తిరగేస్తే, మార్చి, ఏప్రిల్ నెలల్లో శ్రీను రెండు రోజులు మాత్రమే పది నిమిషాల గీత దాటాడు. ఒక రోజు పది నలభైకి కెప్టెన్‌కు ఫోన్ వచ్చింది, బండి పంక్చర్. పదకొండు లోపు చెప్పాడు కాబట్టి అది మెమో ప్రకారం తప్పు కాదు. రెండో రోజు ఏప్రిల్ 20, సోమవారం, 11:49, ఫోన్ లేదు. ముందు రాత్రి క్లోజింగ్ డ్యూటీ అతనిదే. ఆ వారం నిజానికి అతని వంతు కాదు, ఇంకొకరు సెలవు పెడితే కెప్టెన్ అతన్ని వేశాడు. దీన్ని ఎలా చూడాలి? ఎనిమిది వారాల్లో ఒకటి, అదీ రెస్టారెంటు తన మాట తప్పిన మర్నాడు. మేనేజర్ రిజిస్టర్‌లో రెండు వాక్యాలు రాసి, శ్రీనుతోనూ కెప్టెన్‌తోనూ మాట్లాడి వదిలేశాడు.

ఒకవేళ సెప్టెంబరు లోపు మళ్లీ వరసగా లేట్లు మొదలైతే, రెండో నోటీసులో మార్చి 2 మెమో సంగతి పేరు పెట్టి రాయాలి. గత హెచ్చరికలను శిక్షకు లెక్కలోకి తీసుకోవాలనుకుంటే ఆ మాట ముందుగా ఉద్యోగికి చెప్పి, దాని మీద కూడా అతని మాట వినాలని కె. మంచే గౌడ అనే మైసూరు ప్రభుత్వోద్యోగి కేసులో సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది. ఆ తీర్పు ప్రభుత్వోద్యోగులది, హోటల్ సర్వర్‌ది కాదు. అయినా ఆ జాగ్రత్త పాటించడానికి పట్టేది ఒక్క వాక్యం: ‘మార్చి 2న మీకిచ్చిన మొదటి హెచ్చరికను ఈ నోటీసుతో జతపరుస్తున్నాం, దాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవాలనుకుంటున్నాం, దీనిపై మీ వివరణ ఏమిటో మూడు రోజుల్లో రాయండి.’